క్లబ్ పని తప్ప చేతిలో పెద్దగా ఏమీ లేని రెండో ఏడాది విద్యార్థి తొలి ఇంటర్న్‌షిప్ రెజ్యూమే ఎలా రాసుకోవాలి

రెండో ఏడాది ఇంజనీరింగ్ విద్యార్థి రెజ్యూమేలో పెద్ద ప్రాజెక్టులు ఉంటాయని ఎవరూ అనుకోరు. నాలుగో సెమిస్టర్‌లో ఉన్నవాళ్ల దగ్గర ఒకటో రెండో ప్రోగ్రామింగ్ భాషలు, డేటా స్ట్రక్చర్స్ ల్యాబ్, కొన్ని రికార్డు పుస్తకాలు తప్ప మరేమీ ఉండవని ఇంటర్న్‌లను తీసుకునేవాళ్లకు బాగా తెలుసు. వాళ్లు చూసేది మూడు విషయాలు: పని అప్పజెప్తే చివరిదాకా చేస్తారా, చేసినదాన్ని ఉన్నది ఉన్నట్టు చెప్పగలరా, ఏదైనా ఒక పనిముట్టు నిజంగా చేతికి అలవాటైందా. ఈ మూడింటికీ సాక్ష్యం క్లబ్ పనిలోనే దొరుకుతుంది. కానీ చాలా రెజ్యూమేల్లో ఆ పని అంతా పేజీ అడుగున "కోడింగ్ క్లబ్ కోఆర్డినేటర్, ఎన్ఎస్ఎస్ వాలంటీర్" అన్న ఒక్క వరుసతో సరిపెట్టేస్తారు. ఏం చేశారో ఆ వరుసలో లేదు కాబట్టి చదివేవాళ్లు దాన్ని దాటేసి వెళ్లిపోతారు.

ఈ మార్గదర్శి అంతటా ఒకే నమూనాను తీసుకుని నడుద్దాం. జేఎన్‌టీయూ అనుబంధ కాలేజీలో సీఎస్ఈ నాలుగో సెమిస్టర్ చదువుతున్న అమ్మాయి. కోడింగ్ క్లబ్ ఈవెంట్స్ టీంలో ఏడాదిగా ఉంది. ఎన్ఎస్ఎస్‌లో చేరింది. ప్రాజెక్టు అంటే మొదటి ఏడాదిలో చేసిన ఒక చిన్న వెబ్ పేజీ మాత్రమే. ఈ నమూనాలోని అంకెలు చూపించడానికి వేసుకున్నవే. మీ రెజ్యూమేలో మీ అంకెలే ఉండాలి.

మొదటి మెట్టు: రాయడానికి ముందు తవ్వి తీయడం

రెజ్యూమే టెంప్లేట్ తెరిచి కూర్చుంటే క్లబ్ గురించి ఏమీ గుర్తుకు రాదు. "వర్క్‌షాప్ పెట్టాం, అందరూ వచ్చారు" అన్నంత వరకే తోస్తుంది. అందుకే టెంప్లేట్ పక్కన పెట్టి ముందు ఖాళీ షీట్ ఒకటి తెరవండి. అందులో ఐదు నిలువు వరుసలు చాలు: ఏ కార్యక్రమం, ఎప్పుడు, నా చేతుల మీదుగా జరిగిన పని ఏది, ఏ పనిముట్టు వాడాను, దానికి రుజువు ఎక్కడుంది.

ఈ వరుసలు నింపడానికి జ్ఞాపకం మీద ఆధారపడొద్దు. క్లబ్ వాట్సాప్ గ్రూపులో మీ పేరు పెట్టి వెతకండి. మీకు ఎవరెవరు ఏ పని చెప్పారో, మీరు ఎప్పుడు "అయిపోయింది" అన్నారో అక్కడే ఉంటుంది. గూగుల్ డ్రైవ్‌లో రిజిస్ట్రేషన్ ఫారమ్‌కు వచ్చిన స్పందనల షీట్ ఉంటుంది. హాజరు పట్టిక, సర్టిఫికెట్ల ఫోల్డర్, హెచ్‌ఓడీకి రాసిన అనుమతి పత్రం, పోస్టర్ ఫైళ్లు, ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌కు పంపిన మెయిళ్లు, ఇవన్నీ రుజువులే. ఒక సాయంత్రం ఈ పనికి కేటాయిస్తే సాధారణంగా పది, పన్నెండు వరుసలు వస్తాయి.

"మా టీం చేసింది" అన్నదాన్నీ, "నేను చేశాను" అన్నదాన్నీ ఇక్కడే విడదీయాలి. ఐదుగురు కలిసి వర్క్‌షాప్ నడిపితే, స్పీకర్‌తో మాట్లాడింది ఒకరు, హాల్ బుక్ చేసింది ఒకరు, జాబితాలు చూసింది ఇంకొకరు. మీ వరుసలో మీ ముక్కే ఉండాలి. ముక్క చిన్నదని దిగులు పడక్కర్లేదు. చిన్న ముక్క గురించి పది నిమిషాలు మాట్లాడగలరు. మొత్తం వర్క్‌షాప్ తానే నడిపానని రాసుకున్నవాళ్లు మాత్రం స్పీకర్‌ను ఎలా ఎంచుకున్నారని అడిగితే చాలు, ఆగిపోతారు.

మన నమూనా అమ్మాయికి ఈ తవ్వకంలో దొరికింది ఇది. రెండు రోజుల పైథాన్ వర్క్‌షాప్‌కు రిజిస్ట్రేషన్ ఫారమ్ తయారుచేసింది తనే. 236 స్పందనలు వచ్చాయి. ఒకే మనిషి రెండుసార్లు నింపినవి తీసేస్తే 211 మిగిలాయి. రెండు రోజులూ వచ్చినవాళ్లు 138 మంది. వాళ్ల సర్టిఫికెట్లూ తనే తయారుచేసింది. 9 మంది తమ పేరు తప్పు పడిందని మళ్లీ అడిగారు. కారణం వెతికితే, కొందరు ఫారమ్‌లో ఇంటిపేరు పొడి అక్షరంతో రాశారు, కొందరు పేరంతా చిన్న అక్షరాల్లో కొట్టారు. తర్వాతి కార్యక్రమానికి ఆమె ఫారమ్‌లో "సర్టిఫికెట్ మీద పేరు ఎలా ఉండాలో అలాగే రాయండి" అని విడిగా ఒక ప్రశ్న చేర్చింది. ఆ కార్యక్రమంలో 94 సర్టిఫికెట్లకు ఇద్దరే సవరణ అడిగారు.

ఈ చివరి వివరం ఆమెకు మొదట గుర్తే లేదు. రెజ్యూమేలో అన్నిటికన్నా బలమైన లైను అదే అవుతుంది. ఒక లోపం కనబడింది, కారణం తెలుసుకుంది, మార్చింది, మారిందో లేదో అంకెతో చూసుకుంది. ఇంటర్న్ నుంచి ఏ టీం అయినా కోరుకునే పని ఇలాంటిదే.

రెండో మెట్టు: ఒక్కో పనిని ఒక్కో లైనుగా మార్చడం

రెజ్యూమే ఇంగ్లిష్‌లో ఉంటుంది కాబట్టి లైను భూతకాల క్రియతో మొదలవ్వాలి: బిల్ట్, క్లీన్డ్, షెడ్యూల్డ్, డిజైన్డ్, రీరోట్ వంటివి. "రెస్పాన్సిబుల్ ఫర్" అని మొదలుపెడితే బాధ్యత మీకు ఇచ్చారన్న సంగతి తెలుస్తుందే గానీ, మీరు ఏం చేశారో తెలియదు. "హెల్ప్డ్ ఇన్" అయితే ఇంకా పలచన. క్రియ తర్వాత మూడు సంగతులు రావాలి: దేని మీద పనిచేశారు, దేనితో చేశారు, ఏం తేలింది. మూడూ కలిపి పేజీ మీద రెండు వరుసలు దాటకూడదు.

చాలామంది మొదట రాసే లైను ఇలా ఉంటుంది: "పైథాన్ వర్క్‌షాప్ నిర్వహణలో చురుగ్గా పాల్గొని, టీంవర్క్, లీడర్‌షిప్ నైపుణ్యాలు పెంపొందించుకున్నాను." ఇందులో ఒక్క వాస్తవం కూడా లేదు. ఏ కాలేజీ విద్యార్థి రెజ్యూమేలోనైనా ఇదే లైను అతికించవచ్చు. అదే పనిని మన నమూనా అమ్మాయి షీట్ నుంచి మళ్లీ రాస్తే:

• రెండు రోజుల పైథాన్ వర్క్‌షాప్‌కు గూగుల్ ఫారమ్ తయారుచేసి, వచ్చిన 236 స్పందనల్లో డూప్లికేట్లు తీసేసి 211 మంది తుది జాబితా, రోజువారీ హాజరు షీట్ సిద్ధం చేశాను.

• సర్టిఫికెట్లలో పేర్ల తప్పులకు కారణం ఫారమ్‌లోని ప్రశ్నే అని గుర్తించి దాన్ని మార్చాను. సవరణ కోరినవాళ్లు 138 మందిలో 9 నుంచి, తర్వాతి కార్యక్రమంలో 94 మందిలో 2కి తగ్గారు.

• ఐదుగురు వాలంటీర్లకు రెండు రోజుల డ్యూటీ పట్టిక వేసి, రిజిస్ట్రేషన్ డెస్క్ నడిపాను.

రెండో లైనులో రెండు కార్యక్రమాల మొత్తాలూ పక్కపక్కనే ఇచ్చాం. 9 నుంచి 2 అంటే 78 శాతం తగ్గుదల అని రాయాలనిపిస్తుంది. లెక్క తప్పు కాదు, కానీ రెండో కార్యక్రమం చిన్నది. నిష్పత్తిగా చూస్తే సుమారు 6.5 శాతం నుంచి 2.1 శాతానికి తగ్గింది. అంకెలతో రోజూ పనిచేసేవాళ్లు ఇలాంటి 78 శాతాన్ని చూడగానే "ఎన్నిట్లో ఎన్ని?" అని అడుగుతారు. చిన్న సంఖ్యలున్నప్పుడు శాతం వేయకుండా అసలు సంఖ్యలే రాయడం మంచిది.

138 మంది హాజరయ్యారన్నది కూడా జాగ్రత్తగా వాడాల్సిన అంకె. అంతమంది రావడానికి స్పీకర్ పేరు కారణం కావచ్చు, హాజరు ఇస్తామని డిపార్ట్‌మెంట్ చెప్పడం కారణం కావచ్చు. మీరు ప్రచారం చేయకపోతే అది మీ ఫలితం కాదు. పని ఎంత పెద్దదో చెప్పడానికి దాన్ని వాడండి, మీ వల్లే అంతమంది వచ్చారన్నట్టు రాయొద్దు.

అసలు అంకెలే లేకపోతే? పోస్టర్లు చేసినవాళ్లకు, వేదిక మీద మాట్లాడినవాళ్లకు ఇది తరచూ ఎదురవుతుంది. అప్పుడు లెక్కకు అందేది వెతకండి: ఎన్ని పోస్టర్లు, ఎన్ని రోజుల ముందు ఇవ్వాల్సి వచ్చింది, ఎంతమంది దగ్గర ఆమోదం తీసుకోవాలి. "మూడు వారాల్లో 8 పోస్టర్లు, ప్రతిదానికీ ఫ్యాకల్టీ ఆమోదం తీసుకుని ఈవెంట్‌కు నాలుగు రోజుల ముందే విడుదల" అని రాస్తే, గడువుకు పని ఇచ్చే మనిషని తెలుస్తుంది. గుర్తులేని అంకెను ఊహించి రాయొద్దు. ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌కు ఒక్క ఫోన్ చేస్తే నిజం తేలిపోయే అంకెలివి.

ఎన్ఎస్ఎస్ విషయంలో ఇంకో చిక్కు ఉంది. సాధారణ కార్యక్రమాలకు ఏడాదికి 120 గంటల చొప్పున రెండేళ్లకు 240 గంటలు, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం అన్నవి అందరికీ ఒకటే. కాబట్టి "240 గంటలు పూర్తిచేశాను" అంటే నియమం పాటించారని మాత్రమే అర్థం. శిబిరంలో మీరు ఏం చేశారన్నది రాయండి. ఊళ్లో ఇంటింటికీ వెళ్లి తాగునీటి సర్వే చేసి ఉంటే, ఎన్ని ఇళ్లు, ప్రశ్నావళి ఎవరు తయారుచేశారు, ఆ కాగితాలను షీట్‌లోకి ఎక్కించింది ఎవరు అన్నది ముఖ్యం. అందులో మీ చెయ్యి ఉంటే అది డేటా పని. ఆ మాటే చెప్పండి.

మూడో మెట్టు: క్లబ్ పనిలోంచే ఒక చిన్న ప్రాజెక్టు తీయడం

ప్రాజెక్టులు తక్కువ ఉన్నాయని చాలామంది ఆన్‌లైన్ వీడియో చూసి లైబ్రరీ మేనేజ్‌మెంట్ సిస్టమో, వాతావరణం చూపించే యాప్‌నో దించుకుంటారు. అవే ప్రాజెక్టులు వందల రెజ్యూమేల్లో ఉంటాయి. పైగా "ఇది ఎవరికోసం చేశారు?" అంటే జవాబు ఉండదు. క్లబ్‌లో మీరు చేత్తో చేసి విసిగిపోయిన పని ఏదో ఒకటి ఉంటుంది. దాన్ని ప్రోగ్రాముగా మార్చండి. శనివారం, ఆదివారం కూర్చుంటే అయిపోతుంది. ఎందుకు చేశారో చెప్పడానికి కథ కూడా అల్లుకోనక్కర్లేదు.

మన నమూనాలో డూప్లికేట్లు తీయడమే ఆ పని. మొదటిసారి ఆమె షీట్‌లోనే ఈ ఫార్ములాతో వెతికింది:

```
=COUNTIF(C:C,C2)>1
```

C వరుసలో ఈమెయిళ్లుంటే, ఒకటికన్నా ఎక్కువసార్లు వచ్చినవాటి పక్కన ఇది `TRUE` చూపిస్తుంది. కానీ ఈమెయిల్ చివర ఎవరైనా ఖాళీ జాగా వదిలితే అదే ఈమెయిల్ రెండో మనిషిగా లెక్కకు వస్తుంది. చెరిపేయడమూ చేత్తోనే చేయాలి. పైథాన్‌లో ఈ పని ఆరు లైన్లు:

```python
import pandas as pd
df = pd.read_csv("registrations.csv")
df["Email Address"] = df["Email Address"].str.strip().str.lower()
clean = df.drop_duplicates("Email Address", keep="last")
print(len(df), len(clean))
clean.to_csv("clean.csv", index=False)
```

మూడో లైను ఖాళీ జాగాలు తీసేసి, పెద్ద అక్షరాలను చిన్నవి చేస్తుంది. నాలుగో లైనులో `keep="last"` పెట్టడానికి కారణం ఉంది. వివరాలు తప్పు రాసినవాళ్లే మళ్లీ ఫారమ్ నింపుతారు కాబట్టి చివరిదే సరైనది అయ్యే అవకాశం ఎక్కువ. ఇంటర్వ్యూలో "ఎందుకు ఫస్ట్ కాదు, లాస్ట్?" అని అడిగితే ఈ జవాబు ఇవ్వగలిగినవాళ్లకు ఆ ఆరు లైన్లు సొంతమైనట్టే. ఇది అందుకోలేనిదీ ఒకటుంది. ఒకే మనిషి కాలేజీ మెయిల్‌తో ఒకసారి, సొంత మెయిల్‌తో ఒకసారి నింపితే ఇది పట్టుకోదు. రోల్ నంబరుతో రెండోసారి జల్లెడ పట్టాలి. ఆ పరిమితిని దాచకుండా రాయడమే మంచిది.

ఆరు లైన్లు ప్రాజెక్టు అనిపించుకోవాలంటే దాన్ని ఇంకొక్క అడుగు ముందుకు తీసుకెళ్లాలి. రోల్ నంబరు తనిఖీ చేర్చడం, శుభ్రమైన జాబితా నుంచి డిపార్ట్‌మెంట్ వారీ హాజరు షీట్లు విడదీయడం, పేర్లను సర్టిఫికెట్ చిత్రం మీద అచ్చువేయడం, వీటిలో ఏదైనా చాలు. తర్వాత గిట్‌హబ్‌లో పెట్టి `README.md` రాయండి. అందులో నాలుగు సంగతులుండాలి: ఏ ఇబ్బంది కోసం రాశారు, ఎలా నడపాలి, నమూనా ఇన్‌పుట్ ఇస్తే ఏ అవుట్‌పుట్ వస్తుంది, ఏది చేయలేదు.

ఇక్కడ తప్పకుండా చూసుకోవాల్సింది ఒకటి ఉంది. అసలు రిజిస్ట్రేషన్ షీట్‌ను గిట్‌హబ్‌లో ఎక్కించవద్దు. అందులో తోటి విద్యార్థుల ఫోన్ నంబర్లు, ఈమెయిళ్లు ఉంటాయి. కల్పిత పేర్లతో ఇరవై వరుసల నమూనా ఫైలు తయారుచేసి అదే పెట్టండి. ఒకసారి పొరపాటున ఎక్కించి తర్వాత డిలీట్ చేసినా, గిట్ పాత కమిట్లలో ఆ ఫైలు అలాగే ఉంటుంది. అలా జరిగితే రిపాజిటరీ మొత్తం తీసేసి కొత్తగా మొదలుపెట్టడమే తేలిక.

తేదీల్లోనూ నిజాయితీ కావాలి. వర్క్‌షాప్ అక్టోబరులో జరిగి, స్క్రిప్ట్ జనవరిలో రాస్తే "వర్క్‌షాప్‌లో దీన్ని వాడాం" అని రాయకూడదు. "పాత కార్యక్రమపు 236 స్పందనల మీద నడిపి చూశాను, చేత్తో తీసిన జాబితాతో సరిపోల్చాను" అని రాయండి. చేత్తో తీసిన 211కీ, స్క్రిప్ట్ ఇచ్చిన సంఖ్యకూ తేడా వస్తే ఆ తేడా ఎందుకొచ్చిందో కూడా `README.md`లో రాయవచ్చు. పరీక్షించి చూసుకునే అలవాటు ఉందని అంతకన్నా బాగా చూపించే మార్గం రెండో ఏడాదిలో దొరకదు.

నాలుగో మెట్టు: పేజీ మీద అమరిక

ఒక్క ఏ4 పేజీ. రెండో ఏడాదిలో రెండో పేజీ అవసరమైందంటే ఎక్కడో నీళ్లు కలిసినట్టే. నాలుగు వైపులా ఒకటిన్నర నుంచి రెండు సెంటీమీటర్ల అంచు, అక్షరాలు పదిన్నర లేదా పదకొండు పాయింట్లు, మీ పేరు మాత్రం పదహారు. ఒకే నిలువు వరుసలో రాయండి.

పైన పేరు, దాని కింద ఒకే వరుసలో ఫోన్, ఈమెయిల్, ఊరు, లింక్డ్‌ఇన్, గిట్‌హబ్. ఈమెయిల్ మీ పేరుతో ఉండాలి. ఇంటర్‌లో సరదాగా పెట్టుకున్న ఐడీ పనికిరాదు. లింకులను పదం వెనక దాచకుండా చిరునామాగానే కనబడనివ్వండి. కాగితం మీద ప్రింట్ తీసుకుని చదివేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. తండ్రి పేరు, పుట్టిన తేదీ, పూర్తి ఇంటి చిరునామా, ఫొటో, అడుగున "పై వివరాలన్నీ నిజమని ధ్రువీకరిస్తున్నాను" అన్న డిక్లరేషన్, సంతకం, ఇవేవీ వద్దు. మన కాలేజీల్లో సీనియర్ల నుంచి జూనియర్లకు చేతులు మారే వర్డ్ ఫైళ్లలో ఇవి అలాగే వస్తున్నాయి. అవి మింగేసే ఐదారు వరుసల్లో రెండు మంచి లైన్లు పడతాయి. కెరీర్ ఆబ్జెక్టివ్ కూడా అంతే. దాని బదులు, సెలవులు ఎప్పుడో ఖాయంగా తెలిస్తే, ఏ నెల నుంచి ఏ నెల వరకు ఎన్ని వారాలు పనిచేయగలరో ఒక వరుస రాయండి. ఆంధ్రప్రదేశ్‌లో జేఎన్‌టీయూ రెగ్యులేషన్ల కింద రెండో ఏడాది చివర ఇంటర్న్‌షిప్ గానీ కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు గానీ చేయాల్సిన విద్యార్థులకు ఆ వరుస మరీ ఉపయోగం. కంపెనీకి ముందుగా తెలియాల్సింది అదే.

తర్వాత `Education`. డిగ్రీ, బ్రాంచి, కాలేజీ, పూర్తయ్యే సంవత్సరం, సీజీపీఏ. సీజీపీఏ పక్కన ఏ సెమిస్టర్ వరకో రాయండి. కింద ఇంటర్మీడియట్ ఒక్క వరుస. పదో తరగతి తీసేయవచ్చు. ఈసెట్ రాసి లేటరల్ ఎంట్రీలో నేరుగా రెండో ఏడాదిలో చేరినవాళ్లకు మొదటి ఏడాది మార్కులే ఉండవు. వాళ్లు డిప్లొమా శాతాన్ని ముందు పెట్టి, మూడో సెమిస్టర్ ఫలితం వస్తే దాన్ని చేర్చాలి. డిప్లొమాలో చేసిన ఇండస్ట్రియల్ ట్రైనింగ్ ఉంటే దానికి విడిగా జాగా ఇవ్వండి. తోటివాళ్లెవరి దగ్గరా లేనిది అది. సీజీపీఏ తక్కువైతే, ప్రకటనలో అడగనప్పుడు రాయకపోయినా తప్పులేదు. అడిగితే మాత్రం ఉన్నది ఉన్నట్టు రాయాలి. 6.96ను 7గా గుండ్రం చేయొద్దు, మార్కుల మెమోలో దొరికిపోతుంది.

`Skills` మూడు వరుసలు చాలు. ప్రతి పేరుకీ ఒక పరీక్ష పెట్టుకోండి: ఎదురుగా ల్యాప్‌టాప్ పెట్టి పది నిమిషాలిస్తే దీంతో ఏదైనా చేసి చూపించగలనా? సెమిస్టర్‌లో జావా పేపర్ ఉండి, ల్యాబ్ పరీక్షకు మాత్రమే రాసి ఉంటే దాన్ని వదిలేయండి. గూగుల్ షీట్స్‌లో పివట్ టేబుల్, లుకప్ ఫార్ములాలు వాడి ఉంటే "ఎంఎస్ ఆఫీస్" అని కాకుండా ఆ సంగతే రాయండి. నైపుణ్యానికి నక్షత్రాలు, నిండిన గీతలు పెట్టొద్దు. పైథాన్‌లో ఐదుకు నాలుగు నక్షత్రాలంటే ఎంతో ఎవరికీ తెలియదు, పెట్టుకున్నవాళ్లతో సహా.

ఆ తర్వాత ప్రాజెక్టులు ముందా, క్లబ్ పని ముందా అన్న ప్రశ్న వస్తుంది. ఏది బలంగా ఉంటే అది ముందు. మన నమూనాలో క్లబ్ పనే ముందు రావాలి, దాని కింద స్క్రిప్ట్ ప్రాజెక్టు. మొదటి ఏడాది వెబ్ పేజీకి ఒక్క లైను. క్లబ్ పనికి శీర్షిక `Leadership and Activities` అని పెట్టండి. `Work Experience` అని పెడితే జీతం తీసుకున్న ఉద్యోగం అనుకుని చదువుతారు, రెండో లైనుకే అది కాదని తెలుస్తుంది. ఆ తర్వాత మిగతావాటి మీద కూడా నమ్మకం సడలుతుంది. ప్రధాన క్లబ్‌కు మూడు లైన్లు, ఎన్ఎస్ఎస్‌కు రెండు, మిగతావాటికి ఒక్కొక్కటి. ఆరు క్లబ్బుల్లో సభ్యత్వం ఉంటే, పని చేసిన రెండే ఉంచండి.

ఐదో మెట్టు: పీడీఎఫ్ పరీక్ష

చాలా సంస్థల్లో, ఇంటర్న్‌షిప్ పోర్టళ్లలో రెజ్యూమేను మొదట సాఫ్ట్‌వేర్ చదివి పేరు, ఫోన్, చదువు, నైపుణ్యాలు విడదీస్తుంది. అది సరిగ్గా చదువుతుందో లేదో మీరే కొంతవరకు చూసుకోవచ్చు. పీడీఎఫ్ తెరిచి `Ctrl+A`, `Ctrl+C` నొక్కి, నోట్‌ప్యాడ్‌లో `Ctrl+V` చేయండి. అక్కడ కనబడే వరుసను పైనుంచి కిందకు చదవండి.

ఏమీ రాకపోతే మీ పీడీఎఫ్‌లో ఉన్నది అక్షరాలు కాదు, బొమ్మ. డిజైన్ యాప్‌లో చేసి చిత్రంగా సేవ్ చేసి, దాన్ని పీడీఎఫ్‌గా మార్చినప్పుడు ఇలా అవుతుంది. ఎడమ వైపు నైపుణ్యాలు, కుడి వైపు ప్రాజెక్టులు ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి వస్తే రెండు నిలువు వరుసల టెంప్లేట్ దానికి కారణం. ఫోన్ నంబరు ముందు చిన్న పెట్టెలు కనబడితే అవి ఐకాన్లు. వాటిని తీసి మామూలు అక్షరాలు పెట్టండి. వర్డ్‌లో రాసేవాళ్లు పేరు, ఫోన్‌లను పేజీ హెడర్ భాగంలో పెట్టకుండా మామూలు పేజీలోనే రాయాలి. కొన్ని సాఫ్ట్‌వేర్లు హెడర్‌ను చదవవు. ఫైలు పేరు `Firstname_Lastname_Resume.pdf` తీరులో ఉండాలి. `resume_final_new2.pdf` వంటి పేరుతో పంపితే, అందుకున్నవాళ్ల ఫోల్డర్‌లో అది ఎవరిదో తెలియదు.

ఆరో మెట్టు: ప్రకటనను బట్టి మార్చడం, పంపడం

రెజ్యూమే ఒకటే అయినా ప్రకటనను బట్టి పైకి వచ్చే లైన్లు మారాలి. మన నమూనా అమ్మాయి డేటా సంబంధ ఇంటర్న్‌షిప్‌కు పంపేటప్పుడు డూప్లికేట్ల లైను, పేర్ల సవరణ లైను ముందు ఉంటాయి. నైపుణ్యాల్లో పైథాన్, పాండాస్, షీట్స్ ముందు వస్తాయి. కమ్యూనిటీ లేదా ఈవెంట్స్ పనికి పంపేటప్పుడు డ్యూటీ పట్టిక, రిజిస్ట్రేషన్ డెస్క్ లైను పైకి వస్తుంది, స్క్రిప్ట్ ఒక్క లైనుకు తగ్గుతుంది. ప్రకటనలో వాడిన మాటే మీకూ నిజమైతే అదే మాట వాడండి. వాళ్లు "డేటా క్లీనింగ్" అంటే మీరు చేసింది అదే కదా, దానికి వేరే పేరు పెట్టక్కర్లేదు.

ఎక్కడ పంపాలన్నదీ రెజ్యూమే బలాన్ని బట్టే ఉంటుంది. కోడింగ్ పరీక్షతో వడకట్టే పెద్ద కంపెనీల్లో క్లబ్ లైన్లు అంతగా ఉపయోగపడవు. చిన్న స్టార్టప్‌లు, స్వచ్ఛంద సంస్థలు, మీ కాలేజీలోనే డేటా సేకరణ అవసరమైన అధ్యాపకులు, ఏఐసీటీఈ ఇంటర్న్‌షిప్ పోర్టల్, ఇంటర్న్‌శాల వంటివి ముందు చూడండి. చేరడానికో, సర్టిఫికెట్‌కో డబ్బు కట్టమనే "ఇంటర్న్‌షిప్"ను వదిలేయండి. అది మీకు అమ్ముతున్న కోర్సు.

మెయిల్ అయితే ఐదు వాక్యాలు దాటొద్దు. సబ్జెక్టులో ఏ ఇంటర్న్‌షిప్, మీ పేరు, ఏ ఏడాది. లోపల మొదటి వాక్యంలో ఎవరు, రెండో దానిలో ఆ సంస్థ పనికి దగ్గరగా మీరు చేసిన ఒకే ఒక పని దాని అంకెతో, మూడో దానిలో గిట్‌హబ్ లింకు, నాలుగో దానిలో ఎప్పటి నుంచి ఎప్పటి వరకు అందుబాటులో ఉంటారు, చివర ధన్యవాదాలు. రెజ్యూమేలో ఉన్నదంతా మళ్లీ మెయిల్‌లో పోయొద్దు.

పంపే ముందు క్లబ్‌లో మీతో పనిచేసిన స్నేహితురాలి చేతికో, స్నేహితుడి చేతికో ప్రింట్ ఇచ్చి, ప్రతి లైనుకూ రెండేసి ప్రశ్నలు అడగమనండి: "ఎందుకలా చేశావు?", "అది పనిచేసిందని ఎలా తెలిసింది?" రెండింటికీ జవాబు దొరకని లైనును సరిచేయండి, లేదా తీసేయండి. ఆ మనిషి "ఇది నువ్వు కాదు కదా, ఫలానావాళ్లు చేశారు కదా" అన్న లైను ఉంటే అది ఆ రోజే పోవాలి. అలాగే ఫ్యాకల్టీ కోఆర్డినేటర్‌కు రెజ్యూమే చూపించి, ఎవరైనా ఫోన్ చేస్తే ఈ వివరాలు చెప్పడానికి అభ్యంతరం లేదు కదా అని అడిగి ఉంచండి.

పంపిన ప్రతి కాపీని కంపెనీ పేరు, తేదీ వేసి ఒక ఫోల్డర్‌లో దాచుకోండి. ఇంటర్వ్యూ పిలుపు మూడు వారాల తర్వాత వస్తే, అప్పటికి మీరు లైన్లు మార్చేసి ఉంటారు, సెమిస్టర్ ఫలితాలొచ్చి సీజీపీఏ కూడా మారి ఉండొచ్చు. అవతలివాళ్ల ముందు ఉండేది మాత్రం ఆ రోజు పంపిన కాపీనే. దాన్ని చదువుకుని వెళ్లండి, సీజీపీఏ మారిందైతే మాట మొదట్లోనే చెప్పేయండి.